చరిస్తే పలికే రేడియో

కోనసీమలోని ఒక గ్రామ గ్రంథాలయంలో, వేసవి శిబిరం పిల్లల ముందు, పెద్దల ముందు చేసిన ప్రసంగం ఇది. ఆ సాయంత్రం రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.

అందరికీ నమస్కారం. ముందు వరుసలో పిల్లలు కూర్చున్నారు, చాలా సంతోషం. వెనక పెద్దలు నిలబడి ఉన్నారు, దయచేసి ఆ బల్లల మీద కూర్చోండి, కాస్త సేపు పడుతుంది. ఈ రోజు నేను ఒక కథ చెప్పబోతున్నాను. కథలోని పిల్లవాడు కల్పితం. అతని తాతయ్య కల్పితం. కానీ కథలో ఒక రేడియో ఉంది. ఆ రేడియో లోపలి సంగతులు మాత్రం పూర్తిగా నిజం. రేడియోలు బాగుచేసే పనిలో చాలా కాలం గడిపినవాడిని కాబట్టి ఆ భాగంలో కల్పన చేయడం నాకు చేతకాదు, చేయను కూడా.

1998 వేసవి అనుకోండి. అంతకు ఏడాదిన్నర ముందు, 1996 నవంబరు 6 రాత్రి, తుపాను మన కోనసీమను ఎలా ఊడ్చేసిందో పెద్దలకు నేను చెప్పక్కర్లేదు. కొబ్బరితోటలకు తోటలే నేలకొరిగాయి. స్తంభాలు కూలి కరెంటు లేని ఆ రోజుల్లో బయటి లోకం సంగతి చెప్పింది ఏమిటి? సెల్లులతో పాడే రేడియో. మన కథలో తాతయ్య దగ్గర అలాంటిదే ఒకటి ఉంది. టార్చిలైటులో వేసే పెద్ద సెల్లులు రెండు పడతాయి. తోలు తొడుగు, భుజానికి తగిలించుకునే పట్టీ. పొలానికి వెళ్లినా, కాలువ గట్టు మీద కూర్చున్నా ఆ రేడియో ఆయన పక్కనే. విజయవాడ కేంద్రం ప్రాంతీయ వార్తలు వినకుండా ఆయనకు పొద్దు గడవదు.

ఆ రేడియో ఒక రోజు మూగబోయింది. కొత్త సెల్లులు వేశారు, పలకలేదు. ఎండలో పెట్టారు, పలకలేదు. తాతయ్య దాన్ని తీసుకెళ్లి అటక మీద పెట్టేశారు. వేసవి సెలవులకు వచ్చిన మనవడు, పదకొండేళ్లవాడు, దాన్ని కిందికి దించాడు. ఎందుకు దించాడు? లోపల ఏముందో చూడాలని, అంతే. బాగుచేద్దామన్న ఆలోచన ఇంకా లేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. మీ చేతికి ఒక మూగ రేడియో ఇచ్చాను అనుకోండి. మీరు ముందు ఏం చేస్తారు? ఎవరైనా చెప్పండి. స్క్రూడ్రైవర్ తీస్తారా? అవును, అందరూ అదే చెబుతారు. మన పిల్లవాడూ స్క్రూడ్రైవరే తీశాడు. కానీ అతను మరలు విప్పబోతుంటే అరుగు మీద కూర్చున్న తాతయ్య ఒక మాట అన్నారు.

"ఒరేయ్ నాన్నా, అది ఒక్కసారిగా పోలేదురా. చాలా రోజులు చరిస్తే పలికేది. పక్కన అరచేత్తో ఒక్కటి ఇస్తే గరగరమని మళ్లీ అందుకునేది. పట్టీ పట్టుకుని నడుస్తుంటే ఆగేది, కింద పెడితే వచ్చేది. చివరికి ఎంత చరిచినా రాలేదు."

ఈ మాట వినగానే రేడియోలు బాగుచేసేవాడు సగం పని చేసేస్తాడు. ఎందుకంటే రేడియో చెడిపోయే తీరులు చాలా ఉన్నాయి, ఒక్కో తీరుకు ఒక్కో నడక ఉంటుంది. సెల్లులు అయిపోతుంటే ధ్వని రోజురోజుకూ సన్నగిల్లుతుంది, మాట వంకరగా వస్తుంది. చరిచినా మార్పు రాదు. లోపలి కండెన్సర్ ఎండిపోతే గొంతు పీలగా మారుతుంది. దానికీ చరవడంతో పని లేదు. ట్రాన్సిస్టర్ కాలిపోతే మాత్రం ఒక్కసారిగా పోతుంది. మరి చరిస్తే వచ్చి, కదిపితే పోయేది ఏమిటి? లోపల రెండు లోహపు ముక్కలు ఒకదాన్నొకటి తాకీ తాకకుండా ఉన్నాయి. దెబ్బ తగిలితే తాకుతున్నాయి, కదిలితే విడిపోతున్నాయి. కనుక ఎక్కడో ఏదో వదులైంది. పెట్టె తెరవకముందే ఇంత తెలిసింది. తెలియాల్సింది ఒక్కటే, ఎక్కడ?

పిల్లవాడికి ఇదంతా తెలియదు. కానీ ఆ మాట అతని చెవిలో పడింది. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, రేడియోకు చెవి ఆనించి నాబ్ తిప్పాడు. రేడియో వేసేటప్పుడు టక్కుమని నాబ్ తిరిగే చప్పుడు కాకుండా, దాని వెంటనే స్పీకర్‌లో టప్పుమని చాలా చిన్న చప్పుడు వస్తుంది. మీరు ఇంటికెళ్లి వినండి. సెల్లుల నుంచి కరెంటు ఒక్కసారిగా లోపలికి దూకినప్పుడు స్పీకర్ కాగితం కొంచెం కదులుతుంది, ఆ చప్పుడు అది. పక్కింట్లో పాడుతున్న రేడియో తెచ్చి పోల్చి చూశాడు. అందులో టప్పు ఉంది. తాతయ్య రేడియోలో లేదు. సర్రుమనే సన్నని హోరు కూడా లేదు.

ఇది చాలా పెద్ద సంగతి. హోరు ఉండి స్టేషన్ రాకపోతే జబ్బు ముందు భాగంలో, అంటే ఏరియల్ దగ్గరో ముల్లు తిప్పే కండెన్సర్ దగ్గరో ఉంటుంది. హోరు కూడా లేకపోతే జబ్బు రెండు చివర్లలో ఒకచోట ఉండే అవకాశం ఎక్కువ. కరెంటు లోపలికి రావడం లేదు, లేదా ధ్వని బయటికి పోవడం లేదు.

మొదటి చివర చూద్దాం. సెల్లులు మంచివేనా? టార్చిలో వేసి చూశాడు, వెలిగింది. సెల్లులు పెట్టే గూట్లో స్ప్రింగుల మీద తెల్లగా, పచ్చగా పొడి పట్టింది. ఇది మన ప్రాంతంలో చాలా మామూలు. పాత సెల్లులు లోపలే వదిలేస్తే అవి కారి ఆ పొడి పడుతుంది, దానికి మన ఉప్పుగాలి తోడవుతుంది. పొడి గుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో స్ప్రింగు మెరిసేదాకా రుద్దాడు. పిల్లలూ, ఆ పొడి కళ్లలో పడకూడదు, పని అయ్యాక చేతులు కడుక్కోవాలి. అయినా రేడియో పలకలేదు. సరే, ఇప్పుడు గూడు నుంచి కరెంటు వస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? టార్చిలోని బల్బు తీసి, రెండు చిన్న వైరు ముక్కలతో గూడు రెండు చివర్లకూ తాకించాడు. అది రెండు సెల్లుల టార్చి బల్బు, ఇది రెండు సెల్లుల రేడియో. రెండింటికీ 3 వోల్టులే. బల్బు వెలిగింది. మీరు ఈ పని చేసేటప్పుడు నాలుగు సెల్లుల రేడియోకు రెండు సెల్లుల బల్బు పెట్టకండి, బల్బు కాలిపోతుంది.

ఇక అప్పుడు మరలు విప్పాడు. వెనక మూత నాలుగు మరల మీద ఉంది. వాటిలో ఒకటి సెల్లుల గూట్లో దాక్కుని ఉంటుంది. చాలామంది అది చూడక మూతను బలంగా లాగి ప్లాస్టిక్ విరగ్గొడతారు. మూత ఒక చోట బిగుసుకుంటే ఇంకో మర ఉందని అర్థం.

మూత తీశాక పిల్లవాడు చాలాసేపు చేయి పెట్టలేదు, చూస్తూ కూర్చున్నాడు. పైన అడ్డంగా నల్లని కడ్డీ ఒకటి, దాని మీద వెంట్రుకలాంటి సన్నని తీగ చుట్టలు చుట్టలుగా. అదే ఏరియల్. గాలిలోని స్టేషన్‌ను పట్టేది ఆ ఫెరైట్ కడ్డీయే. పక్కన ముల్లు తిప్పితే కదిలే కండెన్సర్. మధ్యలో చిన్న చిన్న చదరపు లోహపు డబ్బాలు, వాటి నెత్తిన ఒకదానికి పసుపు, ఒకదానికి తెలుపు, ఒకదానికి నలుపు రంగు మర. ఒక పక్కన గుండ్రటి స్పీకర్, దాని వెనక బరువైన అయస్కాంతం.

ఆ రంగు మరలు చూస్తే ఏ పిల్లవాడికైనా చేయి ఊరుకోదు. చరిస్తే పలికేదని తాతయ్య అన్నారు కదా, ఏదో వదులై ఉంటుంది, బిగిద్దాం అనిపిస్తుంది. అనిపించింది. స్క్రూడ్రైవర్ దాకా చేయి వెళ్లింది కూడా. అప్పుడు తాతయ్య అడిగారు, "అవి నాకు కదిలినట్టు కనిపించడం లేదే, నీకు కనిపిస్తోందా?" అని. వాడు పరీక్షగా చూశాడు. మరల చుట్టూ మైనం గట్టిగా ఉంది. కదలలేదు. వదిలేశాడు.

ఈ ఒక్క మాట వల్ల ఆ రేడియో బతికింది. ఎందుకో చెబుతాను. అవి బిగించే మరలు కావు. విజయవాడ స్టేషన్ 837 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. రేడియో దాన్ని లోపల 455 కిలోహెర్ట్జ్‌కు మార్చుకుని, అప్పుడు పెద్దది చేస్తుంది. ఏ స్టేషన్ పెట్టినా లోపల 455కే మారుతుంది. ఆ డబ్బాలన్నీ 455కు శ్రుతి చేసి ఉంటాయి. ఆ మరను అర చుట్టు తిప్పితే శ్రుతి తప్పుతుంది. మళ్లీ సరిచేయాలంటే సిగ్నల్ జనరేటర్ అనే పరికరం కావాలి. నా బల్ల మీదికి వచ్చిన పిల్లల రేడియోల్లో వైరు తెగినవాటికన్నా ఈ మరలు తిప్పేసినవే ఎక్కువ తిప్పలు పెట్టాయి.

మరి వదులైనది ఎక్కడుందో కళ్లకు కనిపించడం లేదు. వైర్లన్నీ బాగానే ఉన్నట్టున్నాయి. ఇప్పుడు ఏం చేయాలి? పిల్లవాడు పెరట్లోకి వెళ్లి చీపురులోంచి ఒక కొబ్బరి ఈనె లాక్కొచ్చాడు. నాకు ఈ కథలో బాగా నచ్చే చోటు ఇది. ఎండిన ఈనెలోంచి కరెంటు పోదు. ఇనుప స్క్రూడ్రైవర్‌తో లోపల కెలికితే రెండు చోట్లు కలిసిపోయి కొత్త జబ్బు పుడుతుంది. ఈనె తేలిక, సన్నం, వంగుతుంది, పక్కదాన్ని పాడుచేయదు. రేడియో ఆన్ చేసి, ధ్వని పూర్తిగా పెంచి, ఒక్కొక్క వైరునూ ఈనెతో మెల్లగా నెడుతూ వెళ్లాడు. సెల్లుల నుంచి వచ్చే ఎర్ర వైరు, ఏమీ లేదు. నల్ల వైరు, ఏమీ లేదు. నాబ్ దగ్గరి వైర్లు, ఏమీ లేదు. స్పీకర్‌కు వెళ్లే రెండు వైర్లలో మొదటిది, ఏమీ లేదు. రెండోది నెట్టగానే గర్రుమంది.

మళ్లీ నెట్టాడు, గర్రుమంది. వదిలేస్తే మూగ.

దగ్గరగా చూస్తే ఏమైందో తెలిసింది. స్పీకర్ అంచున ఇత్తడి రేకు ముక్క ఉంటుంది, దానికి రంధ్రం. వైరును అందులో దూర్చి టంకం వేస్తారు. ఈ వైరు టంకంలోనే ఉన్నట్టు కనిపిస్తోంది. కానీ టంకం అయిపోయి వైరు మొదలయ్యే చోట, ప్లాస్టిక్ తొడుగు కింద, రాగి తీగలు తెగిపోయి ఉన్నాయి. తొడుగు వాటిని పట్టుకుని ఉండటం వల్ల తెగినట్టు కనిపించడం లేదు. ఈనెతో నెడితే తెగిన కొసలు తాకుతున్నాయి.

ఎందుకు అక్కడే తెగింది? ఇది తెలుసుకోదగిన సంగతి. ఆ వైరులో ఒక తీగ కాదు, సన్నని తీగలు చాలా ఉంటాయి. అందుకే అది మెత్తగా వంగుతుంది. టంకం వేసినప్పుడు కరిగిన లోహం ఆ తీగల మధ్యకు కొంత దూరం పాకి గట్టిపడుతుంది. అంతవరకు వైరు మేకులా బిర్రుగా మారుతుంది. ఆ తర్వాత మెత్తగా ఉంటుంది. ఊగినప్పుడల్లా ఆ బిర్రు, మెత్తన కలిసే చోటే వంగుతుంది. తాతయ్య భుజానికి తగిలించుకుని గట్ల మీద నడిచిన నడకంతా, స్పీకర్ అదురంతా ఆ ఒక్క చోటే పడింది. ఒక్కో తీగా తెగుతూ వచ్చింది. కొన్ని తీగలు మిగిలి ఉన్నప్పుడు పలికేది. అన్నీ తెగాక చరిస్తే పలికేది. కొసలు నల్లబడ్డాక చరిచినా పలకలేదు. ఈ నల్లబడటం మన డెల్టాలో త్వరగా జరుగుతుంది, సముద్రపు గాలిలోని తేమా ఉప్పూ రాగిని తినేస్తాయి.

స్పీకర్ బాగానే ఉందా అని కూడా చూసుకోవాలి కదా. ఒక సెల్లు తీసుకుని, రెండు వైరు ముక్కలతో స్పీకర్ రెండు రేకులకు క్షణకాలం తాకించి తీశాడు. టప్పుమంది, కాగితం కదిలింది. స్పీకర్ బతికే ఉంది. తాకించి ఉంచకూడదు, లోపలి చుట్ట వేడెక్కుతుంది. తాకించి తీసేయాలి, అంతే.

పిల్లవాడు వైరు కొస తొడుగు ఒలిచి, తీగలు మెలిపెట్టి, రేకు రంధ్రంలో దూర్చి చుట్టాడు. నాబ్ తిప్పాడు. టప్పు, హోరు, ముల్లు జరిపితే విజయవాడ. ఆ పూట వార్తలు విన్నారు. మర్నాడు మళ్లీ గరగర మొదలైంది.

అప్పుడు తాతయ్య మనవణ్ణి అమలాపురంలో రేడియోలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన రేడియో చూసి, పిల్లవాడి వైపు చూసి, "చోటు నువ్వే కనిపెట్టావా? అయితే కూర్చో, మిగిలింది చూద్దువుగాని" అన్నాడు.

ముందు వైరు కొసను అర అంగుళం కత్తిరించేశాడు. "బాబాయ్, అంత ఎందుకు కత్తిరించావు?" అని వీడు అడిగాడు. ఆయన ఆ ముక్క చూపించాడు. తీగలు నల్లగా ఉన్నాయి. "నల్లటి రాగికి టంకం అంటదు. మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి వెళ్లాలి" అన్నాడు. తర్వాత మెరిసే తీగలకు గుగ్గిలం లాంటి ఫ్లక్స్ తాకించి పలచగా టంకం పూశాడు. రేకు మీది పాత టంకం తీసేసి దానికీ కొత్తది పూశాడు. అప్పుడు రెండింటినీ కలిపి, టంకం వేసే ఐరన్ కొసను రేకుకూ వైరుకూ ఆనించి, రెండూ వేడెక్కాక టంకం తీగను ఆ వేడి చోటికే అందించాడు. ఐరన్‌కు కాదు, అతుకుకు. టంకం నీళ్లలా పాకి రెండింటినీ తడిపింది. ఐరన్ తీశాక ఊదలేదు, వైరు కదపలేదు, ఆరనిచ్చాడు.

"అతుకు మెరుస్తూ, అంచుల దగ్గర పలచబడి ఉంటే పట్టినట్టు. బూడిదరంగులో ఉండలా నిలబడితే పట్టలేదు, పైపైన కూర్చుంది. అది మళ్లీ చరిస్తే పలికే రేడియో అవుతుంది" అన్నాడు. ఆ తర్వాత వైరును కొంచెం వదులుగా వంపు తిప్పి, స్పీకర్ చట్రానికి దారంతో కట్టాడు. ఇక ఊగినా ఆ ఊపు దారం దగ్గర ఆగుతుంది, అతుకు దాకా రాదు. పిల్లవాడు ఇంకో ప్రశ్న వేశాడు, స్పీకర్ వైర్లు రెండూ అటు ఇటు మారితే ఏమవుతుందని. ఒకే స్పీకర్ ఉన్నప్పుడు ఏమీ కాదు. సెల్లుల వైర్లు మారితే మాత్రం ట్రాన్సిస్టర్లు పోతాయి.

ఇంటికి వచ్చాక వాడికి ఇంకో సంగతి తెలిసింది. తాతయ్య రేడియోను ఎప్పుడూ అరుగు మీద ముఖం పడమరకో తూర్పుకో ఉండేలా పెడతారు. ఉత్తరానికి తిప్పితే విజయవాడ సన్నగిల్లుతుంది. తాతయ్యకు అలవాటు తెలుసు, కారణం తెలియదు. పిల్లవాడు లోపల నల్ల కడ్డీని చూశాడు కదా. అది రేడియో పొడుగునా పడుకుని ఉంటుంది. అమలాపురానికి విజయవాడ నేరుగా పడమర, సుమారు 150 కిలోమీటర్లు. కడ్డీ తన పొడవు వైపు నుంచి వచ్చే స్టేషన్‌ను బాగా పట్టదు, అడ్డంగా ఉన్నప్పుడు బాగా పడుతుంది. కనుక కడ్డీ ఉత్తర దక్షిణాలుగా ఉండాలి, అంటే రేడియో ముఖం పడమరకో తూర్పుకో ఉండాలి. తాతయ్య చెవితో పట్టుకున్నదాన్ని వాడు కంటితో చూశాడు.

ఆ సెలవుల్లోనే వీధిలో ఇంకో రెండు మూగ రేడియోలు వాడి దగ్గరికి వచ్చాయి. మొదటి దాంట్లోనూ హోరు లేదు. ఈనెతో అన్ని వైర్లూ నెట్టాడు, ఎక్కడా ఏమీ లేదు. స్పీకర్‌కు సెల్లు తాకిస్తే టప్పుమంది. ఆ రేడియోకు ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రం ఉంది. అందులో ఒక సన్నని రేకు ఉంటుంది. ఇయర్‌ఫోన్ దూర్చితే అది తెరుచుకుని స్పీకర్‌కు ధ్వని ఆపుతుంది, తీస్తే మూసుకుని స్పీకర్‌కు ఇస్తుంది. ఎప్పుడూ వాడకపోతే ఆ రేకు నల్లబడి మూసుకున్నా తాకదు. ఇయర్‌ఫోన్ పిన్నును పదిసార్లు దూర్చి తీస్తే ఆ నలుపు రాలి రేడియో పలికింది. మూత కూడా విప్పనక్కర్లేదు.

రెండో దాంట్లో హోరు ఉంది, స్టేషన్ లేదు. మూత తీస్తే ఏరియల్ కడ్డీ మీది తీగ కొస తెగి ఉంది. ఎలుక కొరికింది. ఇదీ తెగిన వైరే కదా, అతికేద్దామని మన పిల్లవాడు మెలిపెట్టాడు. రాలేదు. ఆ తీగ ఒకటి కాదు, వెంట్రుక కన్నా సన్నని తీగలు కొన్ని కలిపి పేనింది. ఒక్కోదానికీ విడిగా పూత ఉంటుంది, పూత పోతేనే టంకం పడుతుంది. గట్టిగా గీకితే తీగే తెగుతుంది. దాన్ని అమలాపురం పంపారు.

ఇంతవరకూ నేను చెప్పినవన్నీ సెల్లులతో పాడే రేడియోలు. ఇప్పుడు పిల్లలు నా మాట శ్రద్ధగా వినాలి. గోడ ప్లగ్గులో పెట్టే పాత రేడియోలు, ముఖ్యంగా లోపల గాజు వాల్వులు వెలిగేవి, మీరు విప్పకూడదు. వాటిలో 200 వోల్టులకు పైగా తిరుగుతుంది. ప్లగ్గు తీసేశాక కూడా కండెన్సర్లు ఆ ఛార్జిని పట్టి ఉంచుతాయి. కొన్నింటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఇనుప చట్రానికే కరెంటు వస్తుంది. మీ అటక మీద అలాంటిది ఉంటే పెద్దవాళ్లకు చెప్పండి, మూత విప్పకుండా నా దగ్గరికి తెప్పించండి.

సెల్లుల రేడియో ఉన్నవాళ్లు రేపు ఉదయం ఇక్కడికే పట్టుకురండి. రెండు సెల్లులు, టార్చి బల్బు, ఎండిన ఈనెలు నేను తెస్తాను. తెచ్చే ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రండి, మూగబోకముందు అది ఎలా పలికేదో, చరిస్తే వచ్చేదా, రోజురోజుకూ సన్నగిల్లిందా, ఒక్కసారిగా ఆగిందా అని. అది ఒక కాగితం మీద రాసి రేడియోకు కట్టండి. మూతలు మాత్రం ఇక్కడే విప్పుదాం.